కాల్‌బుక్ రాని రాత్రి

మా చిన్నాన్న 38 ఏళ్లు రైలింజన్ నడిపారు. విజయవాడలో ఇంజన్ క్లీనర్‌గా చేరి, ఫైర్‌మన్‌గా బొగ్గు వేసి, డీజిల్‌కీ ఆ తర్వాత కరెంటు ఇంజన్‌కీ మారి, మెయిల్ డ్రైవరుగా దిగిపోయారు. బడిలో వేసిన రోజు ఆయన పుట్టిన తేదీ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. పంతులుగారు జూలై 1, 1953 అని రాసుకున్నారు. ఒకటో తేదీన పుట్టినవాళ్లు అంతకు ముందు నెల చివరి రోజునే రిటైర్ కావాలన్నది సర్వీసు నిబంధన. అలా ఎప్పుడో పంతులుగారు వేసిన ఒక అంకె ప్రకారం 2013 జూన్ 30న దండలతో, శాలువాతో సత్యనారాయణపురంలోని ఇంటికి వచ్చారు.

ఆ తర్వాత నెలన్నర రోజులు పెళ్లిళ్లు, తిరుపతి, అన్నవరం, హైదరాబాద్‌లో మనవడి దగ్గర పది రోజులు. అంతా బాగానే ఉంది. ఆగస్టులో ఓ రాత్రి రెండు గంటలకు ఆయన లేచి స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని హాల్లో కుర్చీలో కూర్చున్నారు. పిన్ని లేచి "ఎక్కడికండీ?" అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు.

రన్నింగ్ స్టాఫ్ ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పాత రోజుల్లో డ్యూటీకి రెండు గంటల ముందు కాల్‌బాయ్ సైకిల్ మీద వచ్చి తలుపు కొట్టేవాడు. చేతిలో కాల్‌బుక్కు. అందులో పేరు పక్కన సంతకం పెట్టాలి. తర్వాత ఫోన్లు వచ్చాయి కానీ పిలుపు మాత్రం అలాగే ఉంది. లాబీకి వెళ్లి సైన్ ఆన్ చేయాలి, ఊపిరి పరీక్ష ఇవ్వాలి, కాషన్ ఆర్డరు తీసుకోవాలి. బండి కదిలాక ఎదురయ్యే ప్రతి సిగ్నల్‌నూ అసిస్టెంటూ తానూ ఒకరికొకరు బయటికి చెప్పుకోవాలి. గూడూరులోనో, విశాఖలోనో దిగి రన్నింగ్ రూములో తిని పడుకోవాలి. మళ్లీ పిలుపు. 38 ఏళ్లలో ఏ రోజు ఎన్నింటికి నిద్ర లేవాలో ఆయన ఒక్కసారి కూడా సొంతంగా నిర్ణయించుకోలేదు. నిర్ణయించేది డ్యూటీల లింకు. ఆ లింకులోంచి ఆయన పేరు తీసేశారు. ఒంట్లోంచి లింకును తీసేవాళ్లు మాత్రం లేరు.

ఉద్యోగ విరమణ గురించి మన దగ్గర మాటలన్నీ డబ్బు చుట్టూనే తిరుగుతాయి. గ్రాట్యుటీ ఎంత, కమ్యుటేషన్ ఎంత, ఇల్లు కట్టాడా, పిల్ల పెళ్లి చేశాడా. లేదంటే వయసు చుట్టూ. ఈ రాష్ట్రంలో వయసు గొడవ మామూలుది కాదు. 1983 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం వచ్చింది. ఫిబ్రవరి 8న విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అప్పటికే 55 దాటినవాళ్లంతా ఆ నెల 28న దిగిపోవాలి. అంటే మధ్యలో ఇరవై రోజులు. 18 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు, మరో పది వేల దాకా ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు ఒక్కసారిగా ఇళ్లకు వెళ్లారు. యువకులకు ఉద్యోగాలు కావాలన్నది ప్రభుత్వ వాదన. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. నాగరాజు కేసుగా పేరుపడిన ఆ తీర్పు 1985 జనవరి 18న వచ్చింది. వయసు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందని కోర్టు తేల్చింది. ఆ తీర్పు వచ్చేలోపే వయసు మళ్లీ 58 అయింది, 2014లో 60, 2022లో 62. వాదించినా, తీర్పు చెప్పినా అందరి చేతిలోనూ ఉన్న కొలబద్దలు రెండే: ఏళ్లు, రూపాయలు. మార్చి ఒకటో తేదీ పొద్దున్నే ఎక్కడికి బయల్దేరాలో తెలియని మనిషిని కొలిచే బద్ద ఏ జీవోలోనూ లేదు.

ఆ బద్ద తయారైంది మాత్రం వేరే దేశంలో, వేరే సందర్భంలో. వియన్నా దగ్గర మరియెంథాల్ అనే పల్లె ఉంది. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. మిల్లు మూతపడ్డాక మేరీ యహోదా, ఆమె తోటి పరిశోధకులు అక్కడికి వెళ్లి చూసినదాన్ని 1933లో పుస్తకంగా వేశారు. వాళ్లు చేసిన పనుల్లో ఒకటి వీధిలో నడిచేవాళ్ల వేగం కొలవడం. మగవాళ్లు మెల్లగా నడుస్తున్నారు, దారిలో మాటిమాటికీ ఆగిపోతున్నారు. చాలామంది గడియారం పెట్టుకోవడం మానేశారు. చదువుకోవడానికి బోలెడు తీరిక దొరికినా గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గిపోయింది. రోజంతా ఏం చేశారో రాయమంటే లేవడం, తినడం, పడుకోవడం తప్ప మిగతా గంటలకు లెక్క చెప్పలేకపోయారు. అదే వీధిలో ఆడవాళ్లు మాత్రం చకచకా నడుస్తున్నారు. జీతం లేకపోయినా ఇంటిపని వాళ్లను వదల్లేదు.

ఈ అనుభవం నుంచే యహోదా ఆ తర్వాత ఒక మాట తేల్చింది. ఉద్యోగం జీతంతో పాటు ఎవరూ అడక్కుండానే మరో ఐదింటిని ఇస్తుంది: రోజుకు ఒక కట్టు, ఇంటి బయటి మనుషులు, నలుగురితో కలిసి చేసే పనిలో భాగం, ఊళ్లో ఒక స్థానం, తప్పించుకోలేని పని. పెన్షన్ మొదటిదాన్ని, అంటే జీతాన్ని మాత్రమే సగానికి తెచ్చి ఇస్తుంది. మిగతా ఐదూ ఒకే సాయంత్రం పోతాయి. చిన్నాన్న విషయంలో ఎలా పోయాయో నేను దగ్గరగా చూశాను.

మొదట అందరూ చెప్పినట్టే నడక మొదలుపెట్టారు. సత్యనారాయణపురం బీఆర్‌టీఎస్ రోడ్డు ఒకప్పటి రైలు పట్టాల దారి. పట్టాలు తీసేసి రోడ్డు వేశారు. ఆ దారిలోనే ఆయన నడిచేవారు. పదిహేను రోజులకు మానేశారు. "నేను రాకపోతే ఎవడికీ తెలీదురా" అన్నారు. అప్పుడు నాకు నడకంటే బద్ధకమేమో అనిపించింది. ఆయన చెప్పినది అసలు కారణమని అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. తర్వాత వంటింట్లోకి వచ్చారు. పప్పు ఎన్ని విజిల్స్, గ్యాసు ఎన్ని రోజులు వస్తోంది, పాలవాడి లెక్క ఏమిటి అని అడగడం మొదలుపెట్టారు. "మీ చిన్నాన్నకి రిటైర్మెంటు, నాకు డబుల్ డ్యూటీ" అంది పిన్ని ఒకసారి. నవ్వుతూ అనలేదు. నలభై ఏళ్లుగా ఆ ఇంటిని తన లెక్కలో నడుపుకుంటున్న మనిషి ఆమె. తర్వాత అపార్ట్‌మెంటు సంఘం. నీళ్ల మోటారు ఎప్పుడు వేయాలో టైమ్‌టేబుల్ రాసి అతికించారు. దాన్ని ఎవరూ పట్టించుకోకపోతే రక్తపోటు పెరిగింది.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. కొన్ని వృత్తుల పనిముట్టు మనిషితోపాటు ఇంటికి వస్తుంది. మచిలీపట్నంలో 1929లో పుట్టిన చిలుకూరి శాంతమ్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పి 1989లో పదవీ విరమణ చేశారు. తొంభై దాటాక కూడా విశాఖ నుంచి విజయనగరం దాకా బస్సులో వెళ్లి విద్యార్థులకు పాఠం చెప్పేవారు. ఆమె గొప్పతనానికి దండం పెడతాను. కానీ పాఠం ఆమె తలలో ఉంది, సుద్దముక్క ఎక్కడైనా దొరుకుతుంది. లాయరుకీ, వైద్యుడికీ అంతే. ఇంజన్ డ్రైవరుకూ, కంట్రోల్ రూములో కూర్చున్నవాడికీ, ఆర్టీసీ డ్రైవరుకూ, సంతకానికి విలువ ఉన్న తహసీల్దారుకూ అలా కాదు. వాళ్ల పనిముట్టు సంస్థది. గేటు దాటాక చేతికి ఇవ్వరు. ఇలాంటివాళ్లు పాత పనిని కొనసాగించలేరు. పాత పనిలోని ఏ ముక్క తమ చేతిలో మిగిలిందో వెతుక్కోవాలి.

చిన్నాన్నకు అది దొరికింది ఒక ఫోన్ పిలుపులో. ఆయనతో పనిచేసిన గార్డు ఒకరు అంతకు మూడేళ్ల ముందు 64 ఏళ్లకు పోయారు. ఆయన భార్యకు మొదట భర్తకు వచ్చిన పెన్షనే ఫ్యామిలీ పెన్షన్‌గా వచ్చింది. ఉన్నట్టుండి ఒక నెల తగ్గిపోయింది. బ్యాంకులో కోత వేశారనుకుని ఆమె ఏడుస్తూ ఫోన్ చేసింది. చిన్నాన్న కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. విరమణ తర్వాత పోయిన ఉద్యోగి భార్యకు పెంచిన రేటు ఏడేళ్ల పాటు, లేదా ఆ ఉద్యోగి బతికుంటే 67 నిండే దాకా, ఏది ముందైతే అంతవరకే. ఆ తర్వాత మామూలు రేటు, 30 శాతం. లెక్కకు తీసుకున్న చివరి జీతం 50 వేలు అనుకుంటే పెన్షన్ 25 వేలు. ఆయన 64కు పోతే భార్యకు మూడేళ్లు ఆ 25 వేలే వస్తాయి, తర్వాత 15 వేలు. దాని మీద కరువు భత్యం వేరు. అంటే మోసం ఏదీ జరగలేదు. ముందుగా చెప్పినవాళ్లు లేకపోవడమే జరిగింది.

అదే కాగితంలో ఇంకొకటి ఆయన కంట పడింది. పెన్షన్ పేమెంట్ ఆర్డరులో ఆమె పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంది. ఎనభై నిండితే పెన్షన్ మీద 20 శాతం అదనంగా రావాలి. తేదీ లేకపోతే బ్యాంకుకు ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియదు. సిగ్నల్ దూరం నుంచి చూడటం అలవాటైన కన్ను అది. పదహారేళ్ల తర్వాత రాబోయే ఎరుపును ఇప్పుడే పట్టుకుంది. ఆధార్, అర్జీ, రెండు సాక్షి సంతకాలతో ఆ గడి నింపించడానికి నాలుగు నెలలు పట్టింది.

తర్వాత మరో ఇద్దరు వచ్చారు. ఒకామె పేరు ఆధార్‌లో ఒకలా, ఆర్డరులో ఇంకోలా ఉంది. ఇంకొకరి వైద్య కార్డులో భార్య పేరే లేదు. చిన్నాన్న ఒక లాంగ్ నోటుబుక్కు కొన్నారు. గీతలు కొట్టి గడులు చేశారు: పేరు, రావాల్సిన సమయం, తేవాల్సిన కాగితాలు, సంతకం. నేను చూసి ఏమీ అనలేదు. అది కాల్‌బుక్కే. పిలిచేవాడు ఇప్పుడు ఆయనే అయినా, ఆ సమయానికి ఎదుటివాళ్లు వచ్చి కూర్చుంటారు కాబట్టి ఆయనా అక్కడ ఉండి తీరాలి.

ఇందులోనూ తప్పటడుగులు పడ్డాయి. మొదట వారమంతా తలుపులు తెరిచారు. అన్నం వేళకు జనం, పిన్నికి మళ్లీ టీలు. రెండు నెలల్లో మనిషి అలసిపోయి, వచ్చినవాళ్ల మీద విసుక్కోవడం మొదలైంది. అప్పుడు పిన్నే కట్టుబాటు పెట్టింది: మంగళ, శుక్రవారాలు, పది నుంచి ఒంటిగంట, ఇంట్లో కాదు, కింద వాచ్‌మన్ గది పక్కన. నిద్ర సంగతి డాక్టరు చెప్పారు. రాత్రి ఎప్పుడు పట్టినా సరే, పొద్దున ఐదున్నరకే లేవాలి, పగలు అరగంటకు మించి పడుకోకూడదు. ఆ రాత్రి రెండింటి మెలకువ పోవడానికి దాదాపు ఏడాది పట్టింది. ఇప్పటికీ గాలివాన రాత్రుల్లో లేచి కూర్చుంటారని పిన్ని చెబుతుంది.

నడక కూడా మళ్లీ మొదలైంది. కానీ ఒంటరిగా కాదు. మోకాలి ఆపరేషన్ అయిన పాత అసిస్టెంటు ఒకాయన ఆరింటికి గేటు దగ్గర నిలబడతాడు. ఆయన ఒంటరిగా రోడ్డు దాటలేడు. అందుకే చిన్నాన్న ఒక్కరోజు కూడా మానలేదు.

ఇప్పుడెవరైనా రిటైర్ కాబోతున్నాం, ఏం చేయమంటారు అని అడిగితే నేను వ్యాపకాల గురించి అడగను. మీరు ఫలానా రోజు ఫలానా చోటికి రాకపోతే మీ ఇంటివాళ్లు కాకుండా ఎవరు ఫోన్ చేస్తారు అని అడుగుతాను. ఒక్క పేరు చెప్పినా చాలు, అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. జవాబు లేకపోతే ఆఖరి ఏడాది సర్వీసులో ఉండగానే వెతుక్కోవాలి, ఎందుకంటే దిగిపోయాక అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. చిన్నాన్నకు ఆ వెతుకులాటకు పద్నాలుగు నెలలు పట్టాయి. ఆ పద్నాలుగు నెలలూ ఇంట్లో అందరం ఆయన్ని విశ్రాంతి తీసుకోమనే చెప్పాం. తప్పు మాదే.

నవంబరు వస్తే పెన్షనర్లు తాము బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. కేంద్రం 2014 నవంబరులో దాన్ని వేలిముద్రతో ఇచ్చే ఏర్పాటు తెచ్చింది. ఏళ్ల తరబడి పనిచేసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తుపట్టదు. చిన్నాన్న గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, తువ్వాలు, కొబ్బరినూనె సీసా పెట్టుకుని కూర్చుంటారు. ఒక్కో వేలూ తుడిచి, కొద్దిగా నూనె రాసి, మళ్లీ తుడిచి యంత్రం మీద పెట్టిస్తారు. పోయిన నవంబరులో నేను పక్కనే ఉన్నాను. ఓ పెద్దావిడ వేలు నాలుగోసారికి పడింది. తెర మీద పచ్చ గుర్తు వచ్చింది. చిన్నాన్న చెయ్యి పైకెత్తి, పక్కన అసిస్టెంటు ఉన్నట్టే, "గ్రీన్" అని గట్టిగా చెప్పారు.