చీర తప్పేం లేదు, జాకెట్టే పట్టడం లేదు

ఏడాదిగా ఒంటిమీదికి రాని బట్టను ఇంట్లోంచి పంపేయమని బీరువాలు సర్దే విద్య తెలిసినవాళ్లు చెబుతుంటారు. చుడీదార్లకూ చొక్కాలకూ ఆ లెక్క సరిపోతుంది. పట్టుచీరకు సరిపోదు. చుట్టాలిళ్లలో పెళ్లి లేని ఏడాది దాన్ని తీసే పనే పడకపోవచ్చు. అందుకని రోజువారీ బట్టలకు ఏడాది, పట్టుకు మూడేళ్లు గడువు పెట్టుకుంటే న్యాయంగా ఉంటుంది.

ఏది కట్టుకున్నామో, ఏది కట్టుకోలేదో జ్ఞాపకం చేసుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఉతికి మడతపెట్టిన బట్టను అందరం దొంతర పైనే పెడతాం. తీసేటప్పుడూ పైనుంచే తీస్తాం. కాబట్టి దొంతరలో అడుగు సగం చాలావరకు కదలనిదే. తనిఖీ అక్కడే మొదలుపెట్టాలి. పైనున్న వాటిని ఆ రోజు ముట్టుకోవద్దు, అవి ఎలాగూ వాడుకలో ఉన్నవే.

అడుగునుంచి తీసిన ప్రతి చీరకూ ఒకే ప్రశ్న వేయండి: దీన్నెందుకు కట్టుకోవడం లేదు? రంగు నచ్చకనో, బరువెక్కువనో అయితే తేల్చడం సులువు, ఇచ్చేయవచ్చు. కానీ ఎక్కువ చీరల దగ్గర తేలే కారణం వేరు. జాకెట్టు పట్టడం లేదు. చీరకు కొలతలుండవు, పదేళ్ల కిందటి మనిషికీ ఇప్పటి మనిషికీ ఒకేలా సరిపోతుంది. జాకెట్టు అలా కాదు. అందుకే నన్నడిగితే చీరల బీరువా తనిఖీ అంటే అసలు జాకెట్ల తనిఖీయే.

మా వదిన అడుగు దొంతరలోంచి ఓ మెరూన్ కంచి పట్టుచీర తీసింది. చీర నిగనిగలాడుతోంది. జాకెట్టు వేసుకుంటే ముందు హుక్కులు కలవడం లేదు, మధ్యలో అంగుళంన్నర ఎడం. "దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామమ్మా, కొత్తది కుట్టించినా ఈ రంగు కలవదు" అంది. జాకెట్టును తిరగేసి, ఛాతీ దగ్గర పక్క కుట్టుకు అవతల ఎంత గుడ్డ మిగిలిందో టేపుతో చూశాం. అంగుళం ఉంది. దర్జీలు పక్క కుట్లలో అలా లూజుకు వదిలిపెడతారు.

ఇక లెక్క చూడండి. అంచు పోగులు ఊడకుండా లోపల అర అంగుళం ఉంచేయాలి. మిగిలిన అర అంగుళాన్ని బయటికి వదలవచ్చు. ఒక్కో పక్కన ముందు గుడ్డ, వెనక గుడ్డ రెండూ కలుస్తాయి. రెండు పక్కలు కలిపితే అలాంటి అంచులు నాలుగు. నాలుగు అర అంగుళాలంటే రెండంగుళాలు. వదినకు కావలసింది అంగుళంన్నర, ఇంకో అర అంగుళం ఊపిరి పీల్చుకోవడానికి. సరిగ్గా సరిపోయింది. లోపల మిగిలిన గుడ్డ ముప్పావు అంగుళమే ఉండుంటే వచ్చేది ఒక్క అంగుళం, అప్పుడు కుట్లు విప్పి లాభం లేదు.

విప్పేముందు ఒకటి చూసుకోవాలి. పక్క కుట్టు నడుము దగ్గర మొదలై చంక మీదుగా చేతి అంచుదాకా ఒకే గీతలా సాగుతుంది. ఛాతీ దగ్గర వదిలి చేతి దగ్గర వదలకపోతే చంకలో ముడతపడి లాగేస్తుంది. చేతిలో కూడా లోపల గుడ్డ ఉందో లేదో చూడాలి. చెయ్యెత్తితే జాకెట్టు మొత్తం పైకి లేస్తుంటే, తక్కువైంది ఛాతీ కాదు, చంక. దానికి పక్క కుట్లు విప్పినా ఫలితం ఉండదు, చంక కింద చిన్న ముక్క వేయించాలి. ఆ ముక్కకు రంగు కలిసే గుడ్డ కొట్లో వెతకడమెందుకు? చీర దోపుకునే మొదటి కొసలో నాలుగంగుళాలు కత్తిరిస్తే ఎవరి కంటా పడదు. భుజం బిగుతైతే మాత్రం బాగుచేయడం కష్టం. అక్కడ వదలడానికి గుడ్డే ఉండదు.

పట్టు మీద పాత కుట్టు రంధ్రాలు కనబడవచ్చు. చంక కింద వేలెడంత మేర విప్పి, గుడ్డ అడ్డం పెట్టి ఇస్త్రీ చేసి చూడండి. ఇన్నాళ్లూ లోపల దాగిన గుడ్డ, చెమటకు వెలిసిన పై గుడ్డకన్నా ముదురుగా బయటపడవచ్చు. చెయ్యి దించితే దాగే మేరలోనే ఉంటే పరవాలేదు. కూలి సంగతికొస్తే, మార్పులకయ్యేది కొత్త జాకెట్టు కుట్టుకూలిలో సగం దాటితే ఆ జాకెట్టు వదిలేసి, చీరకు కలిసే మరో జాకెట్టు చూసుకోవడమే మేలు.

జాకెట్టుకు డబ్బు పెట్టేముందు చీర ఆ ఖర్చుకు తగ్గదేనా అనేది తేల్చాలి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత దగ్గరే పిగులుతుంది. చీర విప్పి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. మడత గీత వెంట సన్నని వెలుగు చుక్కలు కనిపిస్తే పోగులు తెగడం మొదలైనట్టే. గీతకు అటూ ఇటూ పట్టుకుని మెల్లిగా లాగితే పోగులు విడిపోతుంటే ఆ చీర కట్టుకోవడానికి పనికిరాదు. రఫ్ఫు చేయించినా పక్కనే మళ్లీ పిగులుతుంది. జరీ నల్లబడితే అంత కంగారు అక్కర్లేదు. అది వెండికో రాగికో పట్టిన నలుపు, గుడ్డ బలానికి సంబంధం లేదు.

పిగిలిన చీరను పారేయనక్కర్లేదు. రెండంచులూ కలిపి మడతపెడతాం కాబట్టి ఎక్కువగా చెడేది నడిమి మడత. చీర పన్నా సుమారు 45 అంగుళాలు, అంటే ఆ మడత అంచునుంచి ఇరవై రెండంగుళాల ఎత్తున ఉంటుంది. ఏడాది పాపకు పట్టులంగా పొడవు ఇరవై అంగుళాల లోపే. అంచు కిందికి వచ్చేలా కత్తిరిస్తే చెడిన మడత అసలు లంగాలోకే రాదు. మళ్లీ సగానికి మడిచే అలవాటుంటే మాత్రం పదకొండు అంగుళాల దగ్గరా మరో మడత ఉంటుంది, దాన్నీ వెలుగులో చూసుకోవాలి.

మధుపర్కాలకూ, అమ్మ చీరకూ ఈ పరీక్షలేవీ వద్దు. వాటికి ఒక అర కేటాయించండి. అది నిండితే కొత్తది చేర్చేముందు పాతది ఒకటి తీయాలి, అంతే.

ఇక ఇచ్చేవి. ఉతికి, హుక్కులు సరిచేసి, చిరుగులు లేనివే ఇవ్వాలి. తోబుట్టువు చేతికి ఇవ్వడానికి మొహమాటపడేది ఎవరికీ ఇవ్వకూడదు. పనిచేసే ఆవిడకు ఇచ్చేటప్పుడు "ఏది కావాలమ్మా?" అని నాలుగు చీరలు ముందు పరవండి. ఆమెకు బరువైన పట్టుకన్నా రోజూ కట్టుకునే నేతచీర అక్కరకొస్తుంది. మన జాకెట్టు ఆమెకు పట్టదు కనుక చీరతో కుట్టని జాకెట్టు ముక్క ఇవ్వాలి. పేరంటాల్లో వచ్చి పేరుకుపోయిన ముక్కల్లోంచి రంగు కలిసేదే ఏరి పెట్టండి. చిరిగిన నూలుచీరలు బొంతలకు, తుడుపు గుడ్డలకు పోతాయి. పాలిస్టర్ చీర తడి పీల్చదు, తుడుపు గుడ్డగా పనికిరాదు. దాన్ని చిరిగేదాకా ఉంచకుండా, బాగున్నప్పుడే ఇచ్చేయాలి.