మీటరు చెప్పని సంగతి

మా వాడకు కుళాయి నీరు రోజు విడిచి రోజు వస్తుంది. బోరు నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 1,200 మిల్లీగ్రాములు. త్రాగునీటికి భారతీయ ప్రమాణాలలో వాంఛనీయమైన హద్దు 500. అందుచేత మస్జిద్ ఆవరణలో గంటకు 500 లీటర్ల నీటిని శుద్ధిచేసే చిన్న ప్లాంటును నెలకొల్పుకున్నాము. 120 ఇళ్ళకు రోజుకొక 20 లీటర్ల క్యాను చొప్పున 2,400 లీటర్లు కావాలి. ఐదు గంటలు నడిపితే సరిపోతుంది. అయితే శుద్ధమైన ప్రతి లీటరుకూ ఇంచుమించు ఒక లీటరు ఉప్పునీరు వేరుపడుతుంది. దానిని మరుగుదొడ్లకు మళ్ళించాము. సముద్రపు నీటితో వుజూ చెల్లినప్పుడు దీనితో ఎందుకు చెల్లదని ఒక పెద్దాయన అడిగారు. చెల్లుతుంది, కాని కుళాయిలు ఎంతకాలం తట్టుకుంటాయన్నదే మా సంశయం.

గత వర్షాకాలంలో ఒకే వీధిలోని నాలుగైదు ఇళ్ళలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. మేము వెంటనే టి.డి.ఎస్. మీటరును నీటిలో ముంచి చూశాము. 65 చూపింది. ఎప్పటి అంకె అదే. ‘నీరు బాగానే ఉంది’ అనుకుని రెండు రోజులు ఊరకున్నాము. పొరపాటు అక్కడే జరిగింది. ఆ మీటరు లవణాల లెక్క మాత్రమే చెబుతుంది. అంకె నానాటికీ పెరుగుతుంటే లోపలి పొర దెబ్బతిన్నదని గ్రహించవచ్చు. సూక్ష్మజీవుల సంగతి మాత్రం దానికి తెలియదు.

అప్పుడు హెచ్.టూ.ఎస్. పరీక్ష సీసాలు తెప్పించాము. సీసాలో గీత వరకు నీరు పోసి వెచ్చని గదిలో ఉంచితే, మలసంబంధమైన కాలుష్యం ఉన్నప్పుడు 24 నుండి 48 గంటల్లో నీరు నల్లబడుతుంది. ఒకదానిలో ప్లాంటు కుళాయి నీరు, మరొకదానిలో ఆ ఇళ్ళ నుండి తెచ్చిన క్యాను నీరు పోశాము. మరునాటికి మొదటిది తేటగానే ఉంది. రెండవది నల్లబడింది.

కారణం వెదకగా క్యానులోనే కనిపించింది. లోపలి గోడపై వేలితో తాకితే జిగట. మరికొన్ని క్యానులు ఎండలో ఉండి పచ్చటి పాచి పట్టినవి. ప్లాంటులోని బొగ్గు జల్లెడ క్లోరిన్‌ను తీసివేస్తుంది. లేకుంటే పొర పాడవుతుంది. కనుక బయటకు వచ్చిన నీటికి తనను తాను కాపాడుకొనే శక్తి ఉండదు. మురికి క్యానులో పడితే ఎంత శుద్ధజలమైనా చెడుతుంది.

ఇప్పుడు ఖాళీ క్యానును పొడవాటి బ్రష్‌తో సబ్బు వేసి తోముతాము. పది లీటర్ల నీటిలో చిన్న చెంచాడు తాజా బ్లీచింగు పొడి కలిపి, పైకి తేరిన నీటిని క్యానులో పోసి, మూత బిగించి, అన్ని వైపులా తడిసేలా త్రిప్పి పది నిమిషాలు ఉంచుతాము. వాసన పోయేదాకా శుద్ధజలంతో కడుగుతాము. జిగట వదలని క్యానును ప్రక్కన పెట్టేస్తాము. ఈ పనికి రోజూ సుమారు రెండు గంటలు పడుతున్నది. అందుకోసం క్యానుకు రెండు రూపాయలు పెంచవలసి వచ్చింది. దానిపై మొదట సణిగినవారిలో మా ఇంటివారూ ఉన్నారు.