నడుం వంచితే కాళ్లు పడిపోతాయా?

“ఎమ్మారైలో డిస్క్ బల్జ్ అని వచ్చిందా? ఇక వంగొద్దు, బిందె ఎత్తొద్దు. నరం నలిగి కాళ్లు పడిపోతాయి.” వాట్సాప్‌లో తిరిగే ఈ జోస్యం నమ్మి, నలభై ఏళ్లకే బెల్టు బిగించుకుని మంచమెక్కుతున్నవాళ్లు వీధికొకరు కనిపిస్తున్నారు. వాళ్లను మంచాన పడేసింది చాలాసార్లు డిస్క్ కాదు, ఈ మాటే.

అపోహ: రిపోర్టులో కనబడిందే నొప్పికి కారణం.

వాస్తవం: నడుం నొప్పే లేని 3,110 మంది స్కాన్లపై జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి 2015లో ఒక సమీక్ష వెలువడింది. ఏ బాధా లేని ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి, యాభై ఏళ్లవాళ్లలో 60 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. చాలామందిలో అది తల నెరవడం లాంటిదే. నెరిసిన వెంట్రుకను చూపించి తలనొప్పికి కారణం ఇదేనంటే నవ్వుతాం. ఎల్4–ఎల్5 అనగానే మాత్రం వణికిపోతాం.

ఆ వణుకు ఊరికే పోదు. వెన్నుపాము ద్వారా పైకొచ్చే సంకేతాల జోరు తగ్గించాలో పెంచాలో మెదడు కిందికి కబురు పంపుతూ ఉంటుంది. ప్రమాదం ఉందనుకుంటే జోరు పెంచుతుంది. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక భవన కార్మికుడి సంగతి వచ్చింది. పొడవాటి మేకు బూటులోంచి పైకి పొడుచుకొచ్చింది. కొంచెం కదిలినా విలవిల్లాడుతుంటే మత్తుమందు ఇచ్చి బూటు విప్పారు. మేకు వేళ్ల సందులోంచి పోయింది, కాలికి గీత కూడా పడలేదు. అతను నటించలేదు. నొప్పి నిజం, గాయమే లేదు.

నెలల తరబడి లాగే నడుం నొప్పిలో ఇదే మెల్లగా జరుగుతుంది. వంగితే ప్రమాదమన్న భయంతో ధ్యాసంతా నడుం మీదే ఉంటుంది, చిన్న పట్టు కూడా పెద్దదిగా తోస్తుంది. వంగకుండా బిగబట్టిన కండరాలు త్వరగా అలసి ఇంకా నొప్పెడతాయి. పనులు మానేసి ఇంట్లో కూర్చుంటే దిగులు, దిగులుతో నిద్రలేమి, నిద్ర చాలని మర్నాడు నొప్పి రెట్టింపు. వ్లాయెన్, లింటన్ అనే పరిశోధకులు 2000లో ఈ భయచక్రాన్ని వివరంగా చర్చించారు.

అపోహ: “అయితే అంతా మనసులోనే ఉందన్నమాట!”

వాస్తవం: కాదు. భయంతో గుండె దడదడలాడితే ఆ దడ కల్పనా? ఈ మాట అనే బంధువులు దయచేసి రోగి ఇంటికి వెళ్లకండి.

అపోహ: పనిలో పడితే నొప్పి మర్చిపోతావు.

వాస్తవం: ఒప్పుకోక తప్పదు, ఇందులో కొంత నిజముంది. ధ్యాస వేరేచోట నిజంగా లగ్నమైతే నొప్పి తగ్గుతుంది. కానీ “మర్చిపో, మర్చిపో” అని తలుచుకోవడం కూడా దాన్ని తలుచుకోవడమే.

మిగతా అపోహలు త్వరగా. తగ్గేదాకా పడకే మందు: నెలల నాటి నొప్పికి పడక మందు కాదు, ఎరువు. డిప్రెషన్ మందు రాశారంటే పిచ్చి అనుకున్నట్టే: డులోక్సెటిన్ లాంటివి మెదడు నుంచి కిందికెళ్లే ఆ కబుర్ల మీద కూడా పనిచేస్తాయి కాబట్టి రాస్తారు.

మరి చేయాల్సిందేమిటి? నొప్పిని చూసి కాదు, లెక్క చూసి ఆగడం. అమెరికా మనస్తత్వవేత్త విల్బర్ట్ ఫోర్డైస్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. వంటింట్లో నిలబడటం కష్టమనుకుందాం. ఇక చాలనిపించేదాకా ఎంతసేపు నిలబడగలరో మూడు రోజులు రాసుకోండి. 10, 14, 12 నిమిషాలు వచ్చిందంటే సగటు 12. కొంచెం తగ్గించి 10తో మొదలుపెట్టండి. ఒళ్లు బాగున్న రోజూ 10, బాగాలేని రోజూ 10. వారానికి రెండేసి నిమిషాలు పెంచండి. చాలామంది చెడగొట్టుకునేది బాగున్న రోజునే: ఇల్లంతా కడిగేసి, మూడు రోజులు పడుకుని, “చూశారా, పని పడదు” అంటారు.

భయానికి వేరే సాధన. ఖాళీ బకెట్ ఎత్తే ముందు ఏమవుతుందనుకుంటున్నారో కాగితం మీద రాయండి. ఎత్తాక ఏమైందో పక్కనే రాయండి. తర్వాత పావు బకెట్ నీళ్లు, ఆపైన సగం. పట్టేసినట్టుంటే భయపడొద్దు, కాళ్లు పడిపోయాయా లేదా అన్నదే ప్రశ్న. దీన్ని దగ్గరుండి చేయించే ఫిజియోథెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు ఉంటే ఇంకా మంచిది. నొప్పి పూర్తిగా పోకపోవచ్చు. చేయగలిగే పని మాత్రం పెరుగుతుంది.

ఇదంతా డాక్టరు ఒకసారి పరీక్షించాకే. మూత్రం ఆగిపోవడం, మలమూత్ర ద్వారాల చుట్టూ తిమ్మిరి, కాలు బలహీనపడటం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పితోపాటు జ్వరమో, కారణం లేకుండా బరువు తగ్గడమో ఉన్నా, ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చి ఉన్నా ఆలస్యం చేయొద్దు. భయపడాల్సింది వీటికి, బకెట్‌కు కాదు.