దోసెలతో మొదలైన కొర్రలు

కూకట్‌పల్లిలోని ఓ అపార్ట్‌మెంట్. ఆదివారం మధ్యాహ్నం కుక్కర్ మూత తీస్తే అన్నం లేత పసుపు రంగులో, పొడిపొడిగా ఉంది. ‘ఇదేంటమ్మా, ఇసకలా ఉంది?’ అన్నాడు ఎనిమిదేళ్ల పిల్లాడు. వాళ్ల నాన్న పప్పుతో రెండు ముద్దలు తిని, పెరుగులోకి మామూలు అన్నం ఉందా అని అడిగాడు. నానమ్మ మాట ఇంకాస్త గుచ్చుకుంది. ‘మా చిన్నప్పుడు వరన్నం పండక్కే వండేవాళ్లు. ఇన్నేళ్లకి మళ్లీ కొర్రన్నమా తల్లీ?’

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రల్లాంటి ధాన్యాల ప్యాకెట్లు చాలా వంటిళ్లలోకి వచ్చాయి. ఒకసారి వండి, డబ్బాలో పోసి మరిచిపోయినవే ఎక్కువ. తప్పు ధాన్యానిది కాదు, మొదలుపెట్టిన చోటుది. కంచంలో అన్నం మారితే అందరికీ తెలిసిపోతుంది. పైగా కొర్రలకు, సామలకు బియ్యానికున్న జిగురు లేదు. వేడి మీద బాగానే ఉన్నా చల్లారితే గట్టిపడి గొంతుకు అడ్డం పడతాయి.

ఆ ఇల్లాలు నెల తర్వాత మళ్లీ ప్రయత్నించింది, ఈసారి దోసెల పిండితో. వాళ్లింట్లో మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు లెక్క. అందులో అర గ్లాసు బియ్యం తగ్గించి, ఆ స్థానంలో కొర్రలు పోసింది. మినప్పప్పు మాత్రం తగ్గించలేదు. పిండి పొంగేది, దోసెకు మెత్తదనం వచ్చేది దానివల్లే. కొర్రల్లో సన్నటి మట్టి, రాళ్లు ఉంటాయి కాబట్టి నాలుగైదు నీళ్లు మార్చి గాలించి, ఆరు గంటలు విడిగా నానబెట్టింది. దోసె కాస్త బంగారు రంగులో వచ్చింది. అల్లం పచ్చడితో ఎవరూ ఏమీ అడక్కుండా తినేశారు.

రెండు వారాలు అదే కొలత. తర్వాత కొర్రలు గ్లాసు, బియ్యం రెండు గ్లాసులు. ఆరో వారానికి సగం సగం. అక్కడ రెండు చిక్కులొచ్చాయి. దోసె తిప్పేటప్పుడు విరిగింది. రుబ్బేటప్పుడు నానబెట్టిన అటుకులు గుప్పెడు వేస్తే సర్దుకుంది. ఎండాకాలం కావడంతో పిండి త్వరగా పులిసింది. పిల్లాడు వద్దన్నది ఆ పులుపును, కొర్రల్ని కాదు. పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టడం మొదలుపెట్టాక మళ్లీ తిన్నాడు. పిల్లలు ముఖం తిప్పుకుంటే ముందు ఇలాంటి కారణాలే వెతకాలి.

అన్నం వంతు రెండు నెలల తర్వాత వచ్చింది. అదీ పెరుగన్నంగా. గంటసేపు నానిన కొర్రలు గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా ఉడికించి, వేడిగా ఉండగానే మెదిపి, పాలు పోసి, చల్లారాక పెరుగు కలిపి తాలింపు పెట్టింది. పాలు, పెరుగు ఉన్నాయి గనక చల్లారినా గట్టిపడలేదు.

నానమ్మను ఒప్పించింది మాత్రం సంగటి. ఆమెది మదనపల్లె వైపు. రాయలసీమ సంగటిలో బియ్యమూ ఉంటాయి. అంటే రెండు ధాన్యాలు కలిపి వండుకోవడం ఆ ఇళ్లలో పాత అలవాటే. కోడలు కొలతలు అడిగితే ఆవిడే పొయ్యి దగ్గరికొచ్చింది. గ్లాసు బియ్యానికి ఐదు గ్లాసుల నీళ్లు పోసి జారుగా ఉడికించింది. గ్లాసు రాగి పిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టి, సన్న సెగ మీద పది నిమిషాలు ఉంచింది. ‘ముందే కలిపితే ఉండలు కడుతుంది, లోపల పచ్చి పిండే ఉంటుంది’ అని చెబుతూ కట్టెతో గట్టిగా తిప్పింది. తడి చేత్తో తాకితే అంటుకోకపోతే ఉడికినట్టు. ముద్ద చేసి, గుంట పెట్టి, నెయ్యి వేసి మనవడి కంచంలో పెట్టింది. పేదరికాన్ని గుర్తుచేసే తిండి అని ఆమె నొచ్చుకున్న చిరుధాన్యం తన చేతి వంటగా మారేసరికి ఆమె మనసు మారింది. ఇంట్లో పెద్దవాళ్లకు పోషకాల పట్టికలు చూపించేకన్నా గరిటె చేతికివ్వడం మేలు.

బడి కూడా సాయం చేస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో 2023 మార్చి నుంచి వారంలో మూడు రోజులు బెల్లం కలిపిన రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. తోటివాళ్లతో కలిసి తాగిన రుచిని పిల్లలు ఇంట్లో వింతగా చూడరు.

నెమ్మదిగా వెళ్లాలనడానికి కడుపూ ఒక కారణం. ఒక్కసారిగా పీచు పెరిగితే ఉబ్బరం, మలబద్ధకం రావచ్చు. నీళ్లు ఎక్కువ తాగాలి. మధుమేహం ఉన్నవాళ్లు రాగి జావను మందులా తాగకూడదు. మెత్తటి పిండితో కాచిన జావ త్వరగా అరిగి చక్కెరను పెంచుతుంది, బెల్లం వేస్తే మరీనూ. రొట్టెలకు వాడే సజ్జ పిండిలో కొవ్వు ఎక్కువ కాబట్టి త్వరగా చేదెక్కుతుంది. వారానికి సరిపడానే పట్టించుకోవాలి. రొట్టె చేదుగా ఉందని పిల్లలంటే పిండి వాసన చూడాలి.

ఇప్పుడు ఆ ఇంట్లో దోసెలు సగం కొర్రలతోనే. శనివారం రాత్రి సంగటి, పప్పుచారు. నాన్నకు రసంలోకి మాత్రం ఇప్పటికీ తెల్లన్నమే కావాలి. వండుతున్నారు.