దద్దుర్లు లేని దురద

ఏడో నెల దాటాక ఒళ్లు దురద పెట్టడం మామూలే. పొట్ట సాగి చర్మం బిగుస్తుంది, కాస్త కొబ్బరినూనె రాస్తే సర్దుకుంటుంది. అరచేతుల్లో, అరికాళ్లలో మొదలై, రాత్రయ్యేసరికి నిద్ర పట్టనివ్వని దురద సంగతి వేరు. చూడబోతే ఒక్క దద్దురూ కనబడదు. ఉన్నవల్లా గోళ్ల గీతలే.

దీని మూలం కాలేయంలో ఉండవచ్చు. కాలేయంలో తయారయ్యే పైత్యరసం పేగుల్లోకి పోవాలి. గర్భంతో పెరిగే హార్మోన్ల వల్ల కొందరిలో ఆ ప్రవాహం మందగిస్తుంది, అందులోని బైల్ ఆసిడ్లు రక్తంలోకి చేరతాయి. డాక్టర్లు దీన్ని కొలెస్టాసిస్ అంటారు. తల్లిని ఎక్కువగా వేధించేది దురదే. బిడ్డ విషయం అలా కాదు. బైల్ ఆసిడ్లు మాయ దాటి వెళ్తాయి, అవి మరీ పెరిగితే బిడ్డ గుండె లయ తప్పుతుందని నిపుణుల అనుమానం.

33వ వారంలో ఉన్న ఒక గర్భిణిని ఊహించుకుందాం. దురద అనగానే లివర్ ఫంక్షన్ టెస్ట్ రాశారు. బిలిరుబిన్ మామూలుగానే ఉంది, కళ్లు పచ్చబడలేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ వచ్చినా, మాయ నుంచి కూడా వచ్చేదే కాబట్టి దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. ఎస్‌జీపీటీ కాస్త పెరిగింది. ‘కామెర్లు లేవుగా’ అని ఇంట్లోవాళ్లు ఊరట పడేది సరిగ్గా ఇక్కడే.

అసలు చూడాల్సిన అంకె ఆ రిపోర్టులో సాధారణంగా ఉండదు. బైల్ ఆసిడ్స్ పరీక్ష విడిగా రాయించుకోవాలి. గర్భిణుల్లో లీటరుకు 19 మైక్రోమోల్స్‌కు లోపు ఉంటే మామూలు కింద లెక్క. ఈమెకు 28 వచ్చింది, అంటే స్వల్ప స్థాయి. వారం తర్వాత మళ్లీ చేస్తే 112! ఒక్క రిపోర్టుతో ఆగకూడదనేది ఇందుకే. కొందరికి దురద ముందొచ్చి, రక్తంలో మార్పు వారాల తర్వాత కనిపిస్తుంది. మొదటి రిపోర్టు బాగున్నా దురద తగ్గకపోతే మళ్లీ చేయించాల్సిందే.

100 దాటడం ఎందుకంత ముఖ్యం? 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, ఒకే బిడ్డ ఉన్న గర్భాల్లో ఈ అంకె దాటినవారిలో బిడ్డ కడుపులోనే చనిపోయే ముప్పు నూటికి మూడుకు పైగా ఉంది. అంతకన్నా తక్కువున్నవారిలో ఆ ముప్పు చాలా స్వల్పం. అందుకే 100 దాటితే బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం 35, 36 వారాల మధ్య కాన్పు చేయిస్తారు. 40 నుంచి 99 వరకైతే 38, 39 వారాల దాకా ఆగవచ్చు. గుండె చప్పుడు ఎన్‌ఎస్‌టీలో బాగానే ఉందంటే ఆ పూటకు బాగున్నట్టే, మర్నాటికి హామీ కాదు.

అర్సోడియాక్సికోలిక్ ఆసిడ్ మాత్రలు దురదను కొంత తగ్గించవచ్చు. బిడ్డకు ముప్పును తగ్గిస్తాయని 2019 నాటి బ్రిటన్ ట్రయల్‌లో తేలలేదు. మాత్రతో హాయిగా నిద్రపట్టినా రక్తపరీక్ష మానకూడదు. కాన్పయ్యాక దురద తగ్గిపోతుంది. నెల దాటాక లివర్ టెస్ట్ మళ్లీ చేయించి, మామూలైందని చూసుకోవాలి. కాకపోతే హెపటైటిస్ లాంటి వేరే కారణం వెతకాలి. మరో కాన్పులో ఇది తిరగబెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆ సంగతి మొదటి చెకప్‌లోనే డాక్టరు చెవిన వేయాలి.