ఆటలో గొడవ తర్వాత నాలుగు సగం వాక్యాలు

ఆడుకుంటూ గొడవపడ్డ చిన్నపిల్లలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి తర్వాత ఒకరి చేత ఒక వరసలో చెప్పించే కొద్దిపాటి మాటలను రాజీ మాటలు అనవచ్చు. ఇందులో పెద్దవాళ్లు వాక్యం మొదలుపెట్టి ఇస్తారు, మిగతా సగం పిల్లలు పూరిస్తారు. ‘నాకు ... వచ్చింది’, ‘ఎందుకంటే నువ్వు ...’, ‘నువ్వు చెప్పింది ఏంటంటే ...’, ‘ఈసారి ... చేద్దామా?’ అనే ఈ నాలుగు సగం వాక్యాలే మొత్తం పద్ధతికి ఆధారం. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఇవి బాగా సరిపోతాయి.

దీని మూలాలు అమెరికాలో ఉన్నాయి. థామస్ గోర్డన్ అనే మనస్తత్వవేత్త 1960లలో తల్లిదండ్రులకు శిక్షణ తరగతులు నడిపాడు. ఆ పద్ధతిని 1970లో పుస్తకంగా తెచ్చాడు. ‘నువ్వు ఇలాంటివాడివి’ అని ఎదుటివారిని తప్పుపట్టే బదులు, ఎదుటివారు చేసిన పనిని, దానివల్ల తనకు కలిగిన భావాన్ని, తనకు వచ్చిన ఇబ్బందిని ‘నేను’ వైపు నుంచి చెప్పడం గోర్డన్ నేర్పిన పద్ధతి. పెద్దల కోసం పుట్టిన ఆ మాటతీరును తర్వాత బడుల్లో పిల్లల కోసం కుదించారు. మిషిగన్ రాష్ట్రంలోని హైస్కోప్ సంస్థ పసిపిల్లల బడుల కోసం దీనికి దగ్గరగా ఉండే ఆరు మెట్ల క్రమాన్ని తయారుచేసింది. శాంతంగా దగ్గరికి వెళ్లడం, భావాలను గుర్తించడం, జరిగింది వినడం, సమస్యను తిరిగి చెప్పడం, ఉపాయాలు అడిగి ఒకటి ఎంచుకోవడం, తర్వాత కనిపెట్టి ఉండడం అనేవి ఆ మెట్లు. ఇక్కడ వివరించే క్రమానికి కూడా ఇదే అస్థిపంజరం.

సగం వాక్యాలను తెలుగులో తయారుచేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మామూలుగా మాట్లాడితే ‘నువ్వు తోసినప్పుడు నాకు ఏడుపొచ్చింది’ అంటాం. జరిగిన పని ముందొస్తుంది, భావం చివరికి చేరుతుంది. కోపంలో ఉన్న ఆరేళ్ల పిల్లాడు ‘నువ్వు’ అని మొదలుపెడితే ఆ వాక్యం భావం దాకా రాదు. ‘నువ్వు తొండి చేశావు, నువ్వే ముందు కొట్టావు’ అంటూ మధ్యలోనే తగువులోకి మళ్లిపోతుంది. అందుకే దాన్ని రెండు పొట్టి వాక్యాలుగా విడగొట్టడం మంచిది. ముందు ‘నాకు కోపమొచ్చింది’ అని ముగించి, ఆ తర్వాతే ‘ఎందుకంటే నువ్వు ...’ అనాలి. ‘అనిపించింది’ అనే మాటను చిన్నపిల్లల కార్డు మీద పెట్టకపోవడమే మేలు. ‘నువ్వు చెడ్డవాడివని నాకు అనిపించింది’ అనడానికి అది దారి ఇస్తుంది. చూడటానికి భావంలా ఉన్నా అది నింద.

భావాల పేర్లు కూడా పిల్లల నోట్లో నానేవే కావాలి. కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, భయమేసింది, సిగ్గేసింది అనే నాలుగూ మొదట్లో చాలు. ప్రతి మాట పక్కనా ఒక ముఖం బొమ్మ గీస్తే చదవడం రాని పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు. వీటిలో సిగ్గును వదలకూడదు. పిల్లల గొడవల్లో పైకి కనిపించే కోపం కింద చాలాసార్లు నలుగురిలో పరువు పోయిన బాధ ఉంటుంది. దానికి పేరు లేకపోతే పిల్లలు కోపం దగ్గరే ఆగిపోతారు. ఇంగ్లిష్ మీడియం బడుల్లో ఈ కార్డులను ఇంగ్లిష్‌లో తగిలిస్తుంటారు. కానీ ఏడుస్తున్న పిల్ల తన బాధను ఇంటి మాటలోనే సరిగ్గా చెప్పగలుగుతుంది కాబట్టి, ఈ ఒక్క పనికైనా తెలుగు వాడుకోవాలి.

మాటలు మొదలవడానికి ముందు పిల్లలు నెమ్మదించాలి. వెక్కుతున్నంతసేపూ, పిడికిళ్లు బిగిసి ఉన్నంతసేపూ, ఊపిరి ఎగసిపడుతున్నంతసేపూ ఏ వాక్యమూ పనిచేయదు. దెబ్బ తగిలితే ముందు గాయం కడగాలి, మంచినీళ్లు తాగించాలి. గొడవ బంతి కోసమో బొమ్మ కోసమో అయితే దాన్ని పెద్దవాళ్లు తమ చేతిలో పెట్టుకుని, ‘మాట్లాడుకునేదాకా ఇది నా దగ్గరుంటుంది’ అని చెప్పాలి. చుట్టూ మూగిన పిల్లలను పంపేయాలి. సాక్షులు నిలబడి ఉంటే ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడరు, జనం కోసం మాట్లాడతారు. పెద్దవాళ్లు నిలబడి పైనుంచి అడగకుండా, పిల్లల కళ్లకు ఎదురుగా కూర్చోవాలి.

ఒక ఉదాహరణతో ఈ వరసను చూద్దాం. ఒకటో తరగతి పిల్లలు ముట్టుడాట ఆడుతున్నారనుకుందాం. దొంగ లత. పరుగెత్తుతున్న రవిని ముట్టుకున్నానని లత అంటుంది, ముట్టలేదని రవి అంటాడు. లత అందరి ముందూ ‘తొండి! తొండి!’ అని అరుస్తుంది. పిల్లలు నవ్వుతారు. రవి తోస్తాడు. లత పడి, మోకాలు గీసుకుపోతుంది. గాయం కడిగి, ఇద్దరూ నెమ్మదించాక టీచర్ మొదలుపెడుతుంది.

“ముందు లత చెప్తుంది. రవీ, నీ వంతు కూడా వస్తుంది నాన్నా. అప్పటిదాకా విను.”

“నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే వీడు నన్ను తోసేశాడు టీచర్.”

“నాకు కాదమ్మా, రవి వైపు తిరిగి చెప్పు.”

“నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే నువ్వు తోసేశావు. మోకాలు మండుతోంది.”

“రవీ, లత ఏం చెప్పింది? ‘నువ్వు చెప్పింది ఏంటంటే’ అని మొదలుపెట్టు.”

“నువ్వు చెప్పింది ఏంటంటే, నేను తోశానని.”

“ఇంకా?”

“నీకు ఏడుపొచ్చిందని. మోకాలు మండుతోందని.”

విన్నది తిరిగి చెప్పడం అంటే తప్పు ఒప్పుకోవడం కాదని రవికి ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే ఇక్కడ మొండికేస్తాడు. ఇప్పుడు అతని వంతు.

“నాకు కోపమొచ్చింది. ఎందుకంటే నువ్వు నన్ను తొండి అన్నావు. నువ్వు ముట్టనేలేదు!”

టీచర్ కార్డు ముందుకు జరిపి, “కోపం ఒక్కటేనా, వీటిలో ఇంకేదైనా కూడా ఉందా?” అని అడుగుతుంది. రవి సిగ్గు బొమ్మ మీద వేలు పెడతాడు. “అందరూ నవ్వారు” అంటాడు. లత ఆ మాట తిరిగి చెబుతుంది. తను అరిచిన ఒక్క మాటకు అంత పని జరిగిందని లతకు అప్పుడే తెలుస్తుంది. ఈ వరస మొత్తంలో అసలైన మలుపు ఇదే.

లత నిజంగా ముట్టిందా లేదా అని టీచర్ ఎక్కడా విచారించలేదు. పరుగులో జరిగిన ఆ విషయం ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. తేల్చబోతే ఇద్దరిలో ఒకరు అబద్ధాలకోరుగా మిగులుతారు. అందుకే సమస్యను రేపటి ఆట వైపు తిప్పి చెప్పాలి: “ముట్టారో లేదో ఇద్దరికీ తెలిసేలా ఆడాలి. ఏం చేద్దాం?”

రవి మొదటి ఉపాయం “లత ఆడకూడదు” అని రావచ్చు. దాన్ని టీచర్ కొట్టిపారేయకూడదు. “లతా, నీకు సరేనా?” అని అడిగితే చాలు, లతే కాదంటుంది. “వీపు మీద చరిస్తే తెలుస్తుంది” అని లత అంటుంది. “గట్టిగా కొట్టకూడదు” అని రవి అంటాడు. చివరికి అరచేత్తో వీపు మీద తాకి ‘అవుట్’ అనాలని, అనుమానమొస్తే ఆ వంతు మళ్లీ ఆడాలని కుదురుతుంది. పెద్దవాళ్లకు ఇంతకంటే మంచి ఉపాయం తోచవచ్చు. అయినా పిల్లలు కుదుర్చుకున్నదే ఆటలో నిలబడుతుంది, ఎందుకంటే దాన్ని గుర్తుంచుకునేది వాళ్లే.

క్షమాపణ ఇందులో తప్పనిసరి మెట్టు కాదు. ‘సారీ చెప్పు’ అని బలవంతపెడితే పిల్లలు ఆ మాట చెప్పి తప్పించుకోవడం నేర్చుకుంటారు. ఎదుటి పిల్ల బాధ విన్న తర్వాత “లతకు ఏం చేస్తే బాగుంటుంది?” అని అడిగితే, రవి నీళ్ల సీసా తెచ్చివ్వవచ్చు, తనంతట తానే సారీ అనవచ్చు. ఏదీ చేయకపోయినా ఆ రోజుకు ఫరవాలేదు. కలిసి ఆడతామంటే వెంటనే పంపాలి, వద్దంటే చెరో ఆటకు వెళ్లనివ్వాలి. మర్నాడు ముట్టుడాట మొదలవగానే టీచర్ అక్కడికి వెళ్లి, “మనం ఏమనుకున్నాం?” అని ఒకసారి గుర్తు చేయాలి. కొత్త షరతు పనిచేయకపోతే అప్పుడే మార్చుకోవచ్చు.

ఇదంతా వయసును బట్టి కుదించాలి. 1983లో హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ చేసిన ప్రయోగం పిల్లల మనస్తత్వ శాస్త్రంలో ప్రసిద్ధం. కథలో ఒక పిల్లాడు చాక్లెట్ ఒకచోట పెట్టి వెళ్తాడు, అతను లేనప్పుడు దాన్ని మరోచోటికి మారుస్తారు. అతను తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడని అడిగితే, నాలుగేళ్లలోపు పిల్లలు సాధారణంగా చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు. ఎదుటివాళ్లకు తెలిసింది తమకు తెలిసినదానికి వేరుగా ఉండవచ్చన్న ఊహ వాళ్లకింకా కుదరదు. కాబట్టి అంగన్‌వాడీలోని మూడేళ్ల పిల్లలను ‘నువ్వు చెప్పింది ఏంటంటే’ అనమనడం వృథా. వాళ్లకు ‘ఆపు’, ‘నాకు నచ్చలేదు’, ‘నా వంతు ఎప్పుడు?’ అనే మాటలు చాలు, మిగతాది టీచరే చెప్పాలి. నాలుగైదేళ్లకు మొదటి రెండు సగం వాక్యాలు కలపవచ్చు. ఆరేళ్లు దాటాక నాలుగూ పలుకుతారు.

ఈ మాటలను గొడవ రోజున కొత్తగా నేర్పడం కుదరదు. ముందే, అందరూ హాయిగా ఉన్నప్పుడు, రెండు బొమ్మలను చేతుల్లో పట్టుకుని వాటి మధ్య గొడవ పెట్టి నేర్పాలి. ‘ఇప్పుడు ఈ కుందేలు ఏమనాలి?’ అని అడిగితే పిల్లలు పోటీపడి చెబుతారు. నోటికి అలవాటైన వాక్యమే ఏడుపు మధ్యలోనూ దొరుకుతుంది. అలవాటు ముదిరి చిలకపలుకులైతే అదీ తెలిసిపోతుంది. ప్రతిసారీ అదే భావం పేరు చెప్పడం, ఎదుటివాళ్ల కేసి చూడకుండా గబగబా అప్పజెప్పడం, పూర్తవగానే ‘ఇంక వెళ్లొచ్చా?’ అనడం అందుకు గుర్తులు. అప్పుడు కార్డు పక్కన పెట్టి, జరిగిందేమిటో మామూలు మాటల్లో అడగాలి.

మాట పెగలని పిల్లలకు టీచర్ భావం అందించకూడదు. ‘నీకు భయమేసింది కదూ?’ అంటే భయం లేకపోయినా తలూపుతారు. ‘కోపమా, భయమా, ఇంకేదైనానా?’ అని అడిగి ఆగాలి. ఆ మౌనాన్ని భరించడం పెద్దవాళ్లకే కష్టం.

రెండు వైపులా బలం దాదాపు సమానంగా ఉన్న తగువులకే ఈ పద్ధతి పనికొస్తుంది. ఒకే పిల్లను రోజూ వేధిస్తున్నా, నలుగురు కలిసి ఒకరిని వెలేస్తున్నా, పెద్ద తరగతి వాళ్లు చిన్నవాళ్లను కొడుతున్నా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం హాని చేస్తుంది. వేధించేవాళ్ల ముందు ‘నాకు భయమేసింది’ అనిపిస్తే, ఏం చేస్తే ఆ పిల్ల బెదురుతుందో వాళ్లకు చెప్పినట్టే. అక్కడ వేధింపును పెద్దవాళ్లే ఆపాలి, దెబ్బతిన్న పిల్లతో విడిగా మాట్లాడాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి. ఒకే జంట మధ్య గొడవ పదేపదే వస్తోందా, ప్రతిసారీ ఏడ్చేది ఒకరేనా అన్నది తెలియాలంటే, ఎవరెవరికి గొడవైందో టీచర్ తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసుకుంటూ ఉండాలి.