ముల్లు 837 మీద నిలిచినప్పుడు

మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ ఆకాశవాణి విజయవాడది, 738 హైదరాబాదుది. రేడియోకు రెండు కేంద్రాల అలలూ ఒకేసారి తగులుతాయి. అందులో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసే పని ఫెర్రైట్ కడ్డీకి చుట్టిన కాయిల్, దానికి సమాంతరంగా ఉన్న గ్యాంగ్ కండెన్సర్ మొదలుపెడతాయి. వాటి పక్కన కంటికి కనబడని మూడో శాఖ ఒకటుంది. తీగలోనూ కడ్డీలోనూ జరిగే నష్టమే ఆ నిరోధం.

సమాంతర వలయంలో మూడు శాఖలకూ వోల్టేజి ఒకటే, కరెంట్లే వేరు. అందుకని వలయం కరెంటును ఎంత అడ్డుకుంటోందని కాక, ఎంత పోనిస్తోందని లెక్కేస్తే పని తేలిక. ఆ పోనిచ్చే గుణమే అడ్మిటెన్స్. మూడు శాఖలవీ కూడితే సరిపోతుంది:

Y = 1/R + j(ωC − 1/ωL)

ఇందులో ω అంటే 2πf. j పావు ఆవృత్తి తేడాకు గుర్తు. కెపాసిటర్ కరెంటు వోల్టేజి కంటే అంత ముందు నడుస్తుంది, కాయిల్ కరెంటు అంతే వెనకబడుతుంది. అందుకే ఒకటి కూడిక, మరొకటి తీసివేత. రెండూ సమానమైతే బ్రాకెట్ సున్నా అవుతుంది, 1/R ఒక్కటే మిగులుతుంది. అనునాదం అంటే ఇదే. అక్కడ Y అతి తక్కువ కనుక, అదే కరెంటుకు వోల్టేజి గరిష్ఠం.

కాయిల్ 200 మైక్రోహెన్రీలు, నష్టానికి సమానమైన నిరోధం లక్ష ఓములు అనుకుందాం. 837 దగ్గర అనునాదానికి కండెన్సర్ 181 పికోఫారాడ్ల దగ్గర నిలవాలి. అప్పుడు కాయిల్ ప్రతిరోధం దాదాపు 1,052 ఓములు. లక్షను దానితో భాగిస్తే 95. అదే క్యూ ఫ్యాక్టర్. కాయిల్, కండెన్సర్ల మధ్య అటూ ఇటూ తిరిగే కరెంటు బయటి నుంచి వచ్చేదానికి 95 రెట్లన్నమాట.

ముల్లు కాస్త పక్కకు జరిగితే బ్రాకెట్ విలువ పెరుగుతుంది. అది 1/Rకు సమానమైన చోట వోల్టేజి 70.7 శాతానికి, పవర్ సగానికి దిగుతాయి. అటువంటి రెండు అంచుల మధ్య దూరం బ్యాండ్‌విడ్త్: 837ను 95తో భాగిస్తే 8.8 కిలోహెర్ట్జ్. మన మీడియం వేవ్ కేంద్రాల మధ్య ఎడం 9 కాబట్టి ఇది చక్కగా సరిపోయింది. క్యూ ఇంకా బాగా పెరిగితే మాటలోని సన్నని ధ్వనులు తెగిపోయి గొంతు మందంగా వినిపిస్తుంది.

సొంతంగా రేడియో కట్టేవాళ్లు తరచూ పొరబడేది ఆ తర్వాతి మెట్టులో. 10 వేల ఓముల ఇన్‌పుట్ ఉన్న ట్రాన్సిస్టర్‌ను నేరుగా వలయానికి కలిపితే అది లక్ష ఓములకు సమాంతరమై మొత్తాన్ని 9,091కి దించేస్తుంది. క్యూ 8.6కు పడిపోతుంది, బ్యాండ్‌విడ్త్ 97కు పరుచుకుంటుంది. అంతకుముందు, రెండు కేంద్రాల నుంచీ సమానమైన కరెంటు వస్తే, హైదరాబాద్ వోల్టేజి విజయవాడలో 24వ వంతే ఉండేది. ఇప్పుడు 40 శాతం దాటుతుంది, రెండు కేంద్రాలూ కలగాపులగంగా వినబడతాయి. సూపర్‌హెట్ రేడియోల్లో అసలు వడపోత తర్వాతి దశల్లో జరుగుతుంది కనుక ఈ తప్పు కొంత మరుగునపడుతుంది. ఒకే వలయం మీద ఆధారపడ్డ సెట్టులో మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

ఈ చిక్కు తీరాలంటే అదే కడ్డీ మీద పదో వంతు చుట్లతో ఇంకో చిన్న కాయిల్ చుట్టి, ట్రాన్సిస్టర్‌ను దానికి కలపాలి. నిరోధం చుట్ల నిష్పత్తి వర్గం మేరకు పెరిగి కనబడుతుంది కాబట్టి 10 వేలు వలయానికి 10 లక్షల ఓములుగా తోస్తాయి. క్యూ తిరిగి 86కు చేరుతుంది.